బిళ్ళలు రక్తాన్ని ఆపుతాయి, బయటికొచ్చిన బుడిపెని కాదు

"మొలలకి డయోస్మిన్, హెస్పెరిడిన్ బిళ్ళలు వాడితే రక్తం ఆగి వాపు కూడా పూర్తిగా పోతుందా అండి?"

రక్తం విషయంలో ఆధారం బాగానే ఉందండి. 2012లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్ళు ఇలాంటి సిరల మందుల మీద జరిగిన పాత ట్రయల్స్ కలిపి చూస్తే రక్తం, దురద, తడి కారడం తగ్గాయి, నొప్పి మీద మాత్రం గట్టి తేడా కనబడలేదు. ట్రయల్స్‌లో చాలావరకు చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ మందు సిరల గోడని బిగించి, సన్న రక్తనాళాల నుంచి నీరు ఊరడం తగ్గిస్తుంది, అందుకే కొత్తగా ఎగదన్నిన వాపు కొంత దిగుతుంది. కానీ సాగి జారిపోయిన కండని వెనక్కి లాగదు.

మా భీమవరం బావగారినే చూడండి. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా, నీళ్ళు తాగడం తక్కువ, ముక్కడం ఎక్కువ. డాక్టరు గారు 500 మి.గ్రా. బిళ్ళలు మొదటి 4 రోజులు రోజుకి 6, తర్వాత 3 రోజులు రోజుకి 4 చొప్పున రాశారు, తోడుగా ఇసబ్‌గోల్ పొట్టు. వారంలో రక్తం ఆగింది, వేలితో లోపలికి నెట్టాల్సిన బుడిపె మాత్రం అలాగే ఉంది. చివరికి దానికి రబ్బరు బ్యాండు వేశారు.

పొట్టు మానేసి బిళ్ళ ఒక్కటే మింగేవాళ్ళకి మళ్ళీ మొదలవుతుందండి, ఎందుకంటే మలబద్ధకం అలాగే ఉంటుంది కదా. నలభై దాటినవాళ్ళకి రక్తం పడితే మొలలే అనుకుని మెడికల్ షాపులో కొనుక్కోకండి, ఒకసారి డాక్టరు చేత లోపల పరీక్ష చేయించుకోండి. మలం నల్లగా వచ్చినా, నీరసం, ఆయాసం వచ్చినా వెంటనే వెళ్ళాలి.