ఆలూ చూలూ లేని తీర్మానం

కరెంట్ అకౌంట్లు తెరిచే బల్ల దగ్గర కూర్చునే మాలాంటి వాళ్లం ఎంత అనుమానపు మనుషులమో చెప్పడానికి మొన్నటి సంగతి ఒక్కటి చాలు. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెద్దమనిషి ఫైలు పట్టుకొచ్చారు. బోర్డు తీర్మానం తళతళలాడే లెటర్‌హెడ్ మీద ఉంది. నేను చేసిన పాపమల్లా దాన్ని చదవడమే.

తీర్మానం తేదీ జూన్ 5. కంపెనీ రిజిస్టరైన సర్టిఫికెట్ తేదీ జూన్ 12. అంటే కంపెనీ పుట్టడానికి వారం ముందే బోర్డు కొలువుదీరి, ఖాతా తెరవాలని తీర్మానించేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పైగా ఆ లెటర్‌హెడ్ మీద, రిజిస్టరయ్యాకే చేతికొచ్చే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య, అదే సిఐఎన్ కూడా అచ్చయి ఉంది. ఇంత దివ్యదృష్టి ఉన్నవాళ్లకు బ్యాంకుతో పనేమిటో!

సంతకాలు పెట్టేవాళ్ల జాబితాలో ముగ్గురు డైరెక్టర్లున్నారు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే ఇద్దరే. మూడో ఆయన బావమరిదట. ‘‘బావమరిదిని డైరెక్టర్ కాదంటారేంటండీ?’’ అని ఆయన నొచ్చుకున్నారు. నిజానికి డైరెక్టర్ కానివారికీ బోర్డు సంతకం అధికారం ఇవ్వొచ్చు. ఉన్న హోదా రాసి, ఆయన గుర్తింపు పత్రాలిస్తే సరిపోయేది. కానీ చుట్టరికానికి అంత చిన్న హోదా ఎలా ఇస్తారు?

అసలు అందం ఖాతా ఎలా నడపాలన్న చోట ఉంది. తీర్మానంలో ‘ఇద్దరూ కలిసి’ అనుంది. జాబితాలో ‘ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు’ అనుంది. ఈ రెండో మాట ఏ ఆలుమగల సేవింగ్స్ ఖాతా ఫారం నుంచో దిగుమతైంది. ఒక డైరెక్టర్ పోతే కంపెనీ డబ్బు రెండో ఆయన సొంతమైపోదు కదా. సరే, రేపు ఒక్క సంతకంతో చెక్కు వచ్చిందనుకోండి. పాస్ చేస్తే రెండో డైరెక్టర్ తీర్మానం పట్టుకుని మీదికొస్తారు. తిప్పి పంపితే మొదటాయన జాబితా పట్టుకుని వస్తారు. ఇద్దరి దగ్గరా మేం తీసుకున్న కాగితమే ఉంటుంది, ఇరుక్కునేది మేమే.

‘‘తేదీ దిద్దితే అయిపోదా?’’ అన్నారు. దిద్దితే కాదండీ, కంపెనీ పుట్టాక బోర్డు మళ్లీ కూర్చోవాలి. చట్టం ప్రకారం కనీసం ఇద్దరు డైరెక్టర్లు హాజరవ్వాలి, ఉన్నదే ఇద్దరు కాబట్టి ఇద్దరూ ఉండాల్సిందే అన్నాను. రెండో డైరెక్టర్ ఆయన భార్యే, పుట్టింటికెళ్లి వారమైందని అంతకుముందే చెప్పారు.

ఇరవై నిమిషాల్లో ఎదురు జిరాక్స్ షాపు నుంచి కొత్త తీర్మానం వచ్చింది. తేదీ ఆ రోజుదే. ఇద్దరూ హాజరయ్యారని రాసి ఉంది. వీడియోలో హాజరైనా చెల్లుతుందండీ, మేడమ్ అలా కలిశారా అని మర్యాదగానే అడిగాను. ఆయన ఫోన్ తీసి, నా ముందే కలిపారు.

‘‘ఏమే, ఇందాక మీటింగులో నువ్వున్నావా?’’