కొత్తవాళ్ళకు గేర్ బండేనా?

“మొదటి బండి గేర్ బండే అయి ఉండాలి. స్కూటర్‌కి ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు, ట్రాఫిక్‌లో కంట్రోల్ మన చేతిలో ఉండదు. స్కూటర్‌తో మొదలుపెట్టినవాళ్ళకి బైక్ ఎప్పటికీ రాదు. చిన్న చక్రాలు గుంతలో పడితే మనిషీ పడతాడు. మైలేజ్ కూడా రాదు. సిటీలో కొత్తవాళ్ళు స్కూటర్ కొనొద్దు.”

కొత్తగా బండి కొనేవాళ్ళకి సలహాగా తిరిగే ఒక మెసేజ్ ఇది. అందులోని మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం, ఇంజిన్ బ్రేకింగ్‌తో మొదలుపెడదాం. అందరూ తలూపేది ఆ మాటకే. స్కూటర్‌లో ఇంజిన్‌కీ వెనక చక్రానికీ మధ్య ఒక బెల్టు, దాని చివర దానంతటదే పట్టుకుని వదిలే క్లచ్ ఉంటాయి. నలభైలో వెళ్తూ ఎక్సలేటర్ పూర్తిగా వదిలేస్తే ఆ క్లచ్ ఇంకా పట్టుకునే ఉంటుంది కాబట్టి ఇంజిన్ బండిని కొంచెం వెనక్కి లాగుతుంది. వేగం 15, 20 కిలోమీటర్ల దగ్గరికి పడిపోయాక, బండిని బట్టి, క్లచ్ వదిలేస్తుంది. అప్పుడు బండి ఒక్కసారి తేలికైపోయి సైకిల్‌లా దొర్లుతున్నట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి ఆపేది బ్రేకులే. అంటే అసలు లేదనడం తప్పు, బైక్‌కి ఉన్నంత లేదనడం నిజం.

బైక్‌కి అది ఉన్నా కొత్తవాళ్ళకి పెద్దగా అక్కరకు రాదు. ఎదుట ఆటో ఠక్కున ఆగితే వారం క్రితం నేర్చుకున్న మనిషి ఏం చేస్తాడు? నాలుగు వేళ్ళతో క్లచ్ పట్టేస్తాడు. క్లచ్ పట్టిన క్షణాన ఇంజిన్‌కీ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. కావాల్సినప్పుడే ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది. గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపడం కొన్ని నెలల అలవాటు మీద వచ్చే పని.

ఇక కంట్రోల్. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట వరకు సాయంత్రం ఆరున్నరకి వెళ్ళే మనిషిని తీసుకోండి. మూసాపేట దాటాక భరత్‌నగర్ బ్రిడ్జి ఎక్కుడు మీద బస్సు వెనక ఆగాడు. బైక్ అయితే ఎడమ కాలు కింద, కుడి కాలు బ్రేకు మీద, ఎడమ చేయి క్లచ్ మీద. ముందు బండి రెండు గజాలు కదిలింది. కొంచెం కొంచెంగా క్లచ్ వదులుతూ, ఎక్సలేటర్ ఇస్తూ, సరిగ్గా ఆ క్షణంలో కాలి బ్రేకు వదలాలి. ముందు వదిలితే బండి వెనక్కి జారుతుంది, ఆలస్యమైతే ఇంజిన్ ఆగిపోతుంది. పైగా కంగారులో మూడో గేరులోనే ఆగి ఉంటాడు, కిందికి దించడం మరిచిపోతాడు. ఇంజిన్ ఎందుకు ఆగిపోతోందో అర్థం కాదు, వెనక హారన్లు మొదలవుతాయి. టెన్షన్‌లో ఈసారి క్లచ్ ఒక్కసారి వదిలేస్తాడు, బండి బస్సు మీదకి దూకుతుంది. ఇదంతా రెండు గజాల కోసం. ఎర్రగడ్డ చేరేలోగా మళ్ళీ ఎన్నిసార్లు చేయాలో ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

స్కూటర్ మీద అదే చోట రెండు కాళ్ళూ నేల మీద పెట్టుకోవచ్చు. బ్రేకు చేతిలోనే ఉంటుంది. కదలాలంటే బ్రేకు వదులుతూ ఎక్సలేటర్ ఇవ్వడమే. మిగిలిన శ్రద్ధంతా అద్దాల మీద, ఎడమ పక్కనుంచి దూరే ఇంకో బండి మీద పెట్టొచ్చు. కొత్తవాళ్ళకి ట్రాఫిక్‌లో తక్కువ పడేది అదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకి కంబైన్డ్ బ్రేకింగ్ గానీ ఏబీఎస్ గానీ ఉండాలని నిబంధన వచ్చింది. కంబైన్డ్ బ్రేకు ఉన్న స్కూటర్‌లో ఎడమ లీవర్ ఒక్కటి పట్టుకున్నా ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది.

అయితే స్కూటర్‌కి దాని ప్రమాదం దానికుంది, ఆ మెసేజ్ రాసినవాళ్ళు అది మాత్రం పట్టించుకోలేదు. బైక్ మీద ఎక్సలేటర్ ఎక్కువ తిప్పేసినా క్లచ్ పట్టుకుంటే చక్రానికి శక్తి అందదు. స్కూటర్‌లో ఆ అవకాశం లేదు, ఎక్సలేటర్ వదలాల్సిందే. మా మేనల్లుడు కొత్త స్కూటర్‌ని ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పక్కన నిలబడి, హ్యాండిల్ పట్టుకుని పార్కింగ్‌లోంచి వెనక్కి లాగబోయాడు. పట్టు బిగిసి ఎక్సలేటర్ తిరిగింది. బండి ముందుకు దూకి గోడకి కొట్టుకుంది. భయంతో వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, అంటే ఇంకా తిప్పాడన్నమాట! హెడ్‌లైట్ పోయింది, చేయి బెణికింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు ఒక్కటే: బండి దిగి తోయాలన్నా లాగాలన్నా తాళం తిప్పి ఇంజిన్ ఆపాకే.

బైక్ ఎప్పటికీ రాదన్న మాటకి ఆధారం లేదు. కానీ అది ఎక్కడినుంచి పుట్టిందో ఊహించగలను. స్కూటర్‌లో ఎడమ చేతి లీవర్ బ్రేకు, బైక్‌లో అదే చోట క్లచ్. స్కూటర్ అలవాటైన మనిషి బైక్ ఎక్కి, కంగారులో ఎడమ లీవర్ నొక్కితే బండి ఆగదు సరికదా, స్వేచ్ఛగా దొర్లుతుంది. ఇది రెండువైపులా జరిగేదే. బైక్ అలవాటైనవాళ్ళు స్కూటర్ ఎక్కి కుడి కాలితో ఫుట్‌బోర్డు తొక్కుతారు, క్లచ్ అనుకుని ఎడమ లీవర్ మొత్తం లాగేస్తారు. ఏది ముందు నేర్చుకున్నా మారే రోజు ఖాళీ గ్రౌండ్‌లో కొంతసేపు తిప్పాల్సిందే. లైసెన్స్ విషయంలో మాత్రం గేర్ బండివాళ్ళకి లాభం ఉంది. స్కూటర్ మీద టెస్టు ఇస్తే గేర్ లేని బండికే అనుమతి వస్తుంది. గేర్ బండికి వస్తే రెండూ నడపొచ్చు. ఏడాదిలో బైక్ కొనే ఆలోచన ఉంటే టెస్టు గేర్ బండి మీదే ఇవ్వడం మంచిది.

చక్రాల గురించి నేను వాదించను. చాలా స్కూటర్లకి వెనక చక్రం 10 అంగుళాలు, ముందుది 10 లేదా 12. మామూలు బైక్‌కి 17 లేదా 18. పెద్ద చక్రం దాటిపోయే గుంతలోకి చిన్నది దిగబడుతుంది. వానాకాలంలో నీళ్ళు నిండి గుంత కనబడనప్పుడు తేడా నడుముకి తెలుస్తుంది. తప్పించుకోలేని గుంత ఎదురైతే దానికి ముందే వేగం తగ్గించి, దిగేటప్పుడు బ్రేకు వదిలేయాలి. బ్రేకు పట్టుకుని దిగితే ముందు చక్రం మీద బరువు పడి కుదుపు ఎక్కువవుతుంది.

మైలేజ్ లెక్క చిన్నది. రోజుకి 20 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు, అంటే 500 కిలోమీటర్లు. సిటీలో బైక్ 60, స్కూటర్ 45 ఇస్తాయనుకుంటే తేడా మూడు లీటర్ల లోపు. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకి దాదాపు 300. రోజుకి 60 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి అదే 900 అవుతుంది, అప్పుడు ఆలోచించాలి.

అందుకే పటాన్‌చెరు దాకా రోజూ హైవే మీద వెళ్ళేవాళ్ళు అడిగితే నేనే బైక్ కొనుక్కోమంటాను, నెలరోజులు ఆదివారం ఉదయాలు ఖాళీ రోడ్లమీద నేర్చుకున్నాక. కూకట్‌పల్లి, అమీర్‌పేట మధ్య తిరిగే కొత్తవాళ్ళు అడిగితే మాత్రం స్కూటరే.