తప్పు ‘రీప్లేస్’ నొక్కిన కుర్రవాడిది కాదు

అరకులో నాలుగు రోజుల షూటింగ్. మూడో రోజు మధ్యాహ్నం కెమెరా రెండో మెమరీ కార్డును హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తుంటే, ఇదే పేరుతో ఫైళ్లు ఉన్నాయని కంప్యూటర్ హెచ్చరించింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచిన కుర్రవాడు ‘రీప్లేస్’ నొక్కాడు. మొదటి కార్డులో 31 క్లిప్పులు, రెండోదానిలో 23. ఉదయం కొండ మీద తీసిన C0001 నుంచి C0023 వరకు చెరిగిపోయాయి. మిగతా ఎనిమిదీ అలాగే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. రాత్రి ఎడిటర్ చూస్తే C0023లో వంటగది, C0024లో కొండ! అప్పటికి మొదటి కార్డును ఫార్మాట్ చేసి, దాని మీద మళ్లీ తీసేశారు. రెండో హార్డ్ డిస్కు తెరిచాం. అందులోనూ అంతే, ఎందుకంటే దాన్ని మొదటి డిస్కు నుంచే నింపాం.

అందరూ ఆ అబ్బాయిని తిట్టారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అన్ని కార్డులనూ "Day3" అనే ఒకే ఫోల్డరులో దింపమన్నది మేము. ఆ సోనీ కెమెరాలో File Number అమరిక Reset లో ఉంది, అంటే కొత్త కార్డు పెట్టినప్పుడల్లా లెక్క C0001 నుంచే మొదలవుతుంది. షూటింగుకు ముందే దాన్ని Series కు మార్చాల్సింది. మార్చినా రెండో కెమెరా పేర్లు ఢీకొనవచ్చు కాబట్టి కార్డుకో ఫోల్డరు తప్పదు:

```
D03_A005
D03_A006
D03_B003
```

రోజు, కెమెరా, కార్డు వరుస సంఖ్య. రోజు మారినా ఆ సంఖ్య వెనక్కి వెళ్లకూడదు. కార్డు తీయగానే అదే పేరు టేపు మీద రాసి అంటించాలి. లోపలి ఫైళ్ల పేర్లు మార్చవద్దు, M4ROOT ఫోల్డరు సహా కార్డంతా ఉన్నదున్నట్టు దింపాలి. C0007.MP4 పక్కన దాని వివరాలుండే C0007M01.XML ఉంటుంది. ఒకదాని పేరు మారిస్తే ఆ జత విడిపోతుంది.

రెండు డిస్కులకూ కార్డు నుంచే కాపీ కావాలి, ఒకదాని నుంచి మరొకటి కాదు. ఆపైన చెక్‌సమ్‌తో సరిచూడాలి. అది కార్డులో ఉన్నదే డిస్కులోకి వచ్చిందా అన్నది మాత్రమే చెబుతుంది. షాటు బాగుందా అన్నది ఎవరో తెరిచి చూడాల్సిందే. క్లిప్పుల లెక్కను స్క్రిప్ట్ అసిస్టెంట్ షీటుతో పోల్చి ఉంటే ఆ మధ్యాహ్నమే తప్పు దొరికిపోయేది: 54 ఉండాల్సిన చోట 31.

‘అంత సమయం ఎక్కడిది’ అనే నిర్మాతలు లెక్క వినాలి. 4కేలో సెకనుకు 250 మెగాబిట్లతో తీస్తే గంటకు దాదాపు 112 జీబీ. రోజుకు రెండు గంటల ఫుటేజీ అంటే 225 జీబీ, 160 జీబీ కార్డులు రెండు. సెకనుకు 120 ఎంబీ రాసే డిస్కుకు కాపీకి అరగంట, సరిచూడటానికి ఇంచుమించు మరో అరగంట. నాలుగు కార్డులు కొంటే ఈ రోజు తీసిన కార్డును రేపంతా ముట్టుకోనక్కర్లేదు. ఆ రెండు కార్డుల ఖర్చు మిగుల్చుకుని, మళ్లీ కొండెక్కడానికి మేము పూర్తిగా ఒక రోజు అద్దె, బత్తా కట్టాం.