ఆ బాణం ఎక్కడ దిగుతోందో చూశారా?

ఫ్లోచార్ట్ వర్క్‌షీట్లు దిద్దేటప్పుడు కీ పక్కన పెట్టుకుని, బొమ్మకి బొమ్మ పోల్చి చూసి మార్కులు వేసేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. తోటి టీచర్లకి కోపం వస్తే రానివ్వండి. నేనూ కొన్నేళ్లు అలాగే దిద్దాను, అందుకే అంటున్నాను.

నిన్న దిద్దిన ప్రశ్న ఇది: N తీసుకుని, 1 నుంచి N వరకు ఉన్న సరి సంఖ్యల మొత్తం చెప్పాలి. 5 మార్కులు. కీలో ఏముందంటే, ముందు S = 0, i = 1. తర్వాత డైమండ్ బాక్స్‌లో i <= N? అవునైతే ఇంకో డైమండ్: i సరి సంఖ్యేనా? అయితే S కి i కలపాలి. కాకపోతే ఏమీ కలపక్కర్లేదు. ఆ రెండు దారులూ ఒక్కచోట కలిశాక i = i + 1, అక్కడి నుంచి బాణం మళ్లీ మొదటి డైమండ్‌కి. మొదటి డైమండ్‌లో కాదు అని వస్తే S ప్రింట్ చేసి ఆపేయాలి.

ఒక అమ్మాయి i = 0 తో మొదలుపెట్టి, కండిషన్ i < N అని రాసింది. కీలో 1, తన దగ్గర 0. కీలో <=, తన దగ్గర <. పోల్చి చూసేవాళ్లు రెండు చోట్లా ఇంటూ కొట్టి పక్కన పడేస్తారు. కానీ ఈ అమ్మాయి డైమండ్ దాటగానే ముందు i = i + 1 చేసి, ఆ తర్వాతే సరి సంఖ్యో కాదో అడిగింది. N = 4 పెట్టి డ్రై రన్ చేశాను. i విలువ 1, 2, 3, 4 అవుతూ వెళ్లింది, S 2 అయ్యి, తర్వాత 6 అయ్యింది. 4 < 4 కాదు కాబట్టి బయటికొచ్చి 6 ప్రింట్ చేసింది. తప్పేముంది? 5కి 5 వేశాను.

ఇంకో అబ్బాయిది అచ్చం కీలాగే ఉంది. స్కేలు పెట్టి గీసిన గీతలు, గుండ్రటి అక్షరాలు, i <= N కూడా సరిగ్గానే ఉంది. టిక్కు పెట్టబోయి ఆగాను. రెండో డైమండ్ నుంచి 'కాదు' అన్న బాణం కాగితం అంచు వెంబడి పైకి వెళ్లి, నేరుగా మొదటి డైమండ్‌కి తగిలింది. అది i = i + 1 బాక్స్‌కి పైన దిగాలి. అలా దిగకపోతే ఏమవుతుంది? i = 1. 1 <= 4, అవును. 1 సరి సంఖ్యా? కాదు, పైకి. మళ్లీ 1 <= 4, మళ్లీ పైకి. i ఒకటి దగ్గరే కూర్చుంది. ఇది ఎప్పటికీ ఆగదు.

విచిత్రం ఏంటంటే, అమ్మాయి షీటులోనూ 'కాదు' బాణం నేరుగా మొదటి డైమండ్‌కే వెళ్లింది. అక్కడ అది తప్పు కాదు, ఎందుకంటే i అప్పటికే పెరిగిపోయింది. కాబట్టి బాణాన్ని విడిగా చూసి ఒప్పో తప్పో చెప్పలేం. లూప్‌లో ఏ దారిన తిరిగొచ్చినా i పెరిగి వస్తోందా అన్నదే చూడాలి. నేనైతే ఒక్కో దారి మీదా వేలు పెట్టి నడుస్తాను.

డ్రై రన్ చేసేవాళ్లు కూడా పప్పులో కాలేసే చోటు ఇంకోటుంది. కొందరు i = 1 తో మొదలుపెట్టి, i < N అని రాసి, మిగతాదంతా కీలాగే వేశారు. దాన్ని N = 5 తో చూస్తే 2, 4 కలిపి 6 వస్తుంది, అది సరైన జవాబే! 5 బేసి కాబట్టి దాన్ని వదిలేసినా మొత్తం మారదు. అదే N = 4 పెట్టి చూడండి, 4 ని కలపకుండానే బయటికొచ్చేసి 2 అంటుంది. అందుకే నేను సరి సంఖ్యతోనే మొదలుపెడతాను, పేపరుకి ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టదు.

డైమండ్ నుంచి రెండు బాణాలు గీసి, వాటి మీద అవును, కాదు రాయనివాళ్ల సంగతి వేరు. "పాపం, వాడికి తెలిసే ఉంటుందిలే మేడం" అని మార్కు వేసేస్తారు మా స్టాఫ్ రూమ్‌లో. వాడికి తెలిసింది కాగితం మీదికి రాలేదు కదా. ఆ బ్రాంచికి నేను మార్కు ఇవ్వను.

ఆ స్కేలు గీతల అబ్బాయిని పిలిచి, N = 4 ఇచ్చి, వేలితో నడవమన్నాను. మూడోసారి డైమండ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. "సరి సంఖ్య కాదంటే మళ్లీ చెక్ చెయ్యాలి కదా అని పైకి వేశాను మేడం" అన్నాడు. మళ్లీ చెక్ చెయ్యాలన్నది నిజమే, కాకపోతే తర్వాతి అంకెని. కండిషన్, బ్రాంచి రెండూ వచ్చినవాడే, అందుకని సున్నా వెయ్యలేదు. ఆగని ఫ్లోచార్ట్‌కి 4 వెయ్యడానికీ మనసొప్పలేదు. 3 వేసి, ఆ బాణం మీద ఎర్ర పెన్నుతో 1, 1, 1 అని రాసిచ్చాను.