బిల్లు చదవడమనే దురలవాటు

ఆసుపత్రి బిల్లు కట్టడానికే గానీ చదవడానికి కాదని నా దృఢమైన అభిప్రాయం. గుళ్లో ప్రసాదం చేతిలో పెడితే కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాం. జీడిపప్పులు ఎన్ని వేశారని పూజారిని నిలదీస్తామా? డిశ్చార్జి కౌంటర్ దగ్గరా అంతే. అంకె చెబుతారు, కార్డు గీకుతాం, మందుల సంచీ పట్టుకుని ఆటో ఎక్కుతాం. పెద్దమనుషుల పద్ధతి ఇదే. ఈ పద్ధతికి మా ఇంట్లోనే తూట్లు పడ్డాయి కాబట్టి, సమాజ శ్రేయస్సు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అత్తగారికి పిత్తాశయంలో రాళ్లు పడితే హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేర్చాం. శుక్రవారం పొద్దున చేరారు, ల్యాప్రోస్కోపీ చేసి తిత్తి తీసేశారు, సోమవారం పొద్దున డిశ్చార్జి అన్నారు. 5 లక్షల పాలసీ ఉంది, క్యాష్‌లెస్. మొత్తం బిల్లు 1,55,000. ఇన్సూరెన్స్ వాళ్లు 99,000 ఒప్పుకున్నారు. మిగతా 56,000 మేం కట్టాలి. కౌంటర్లో కుర్రాడు ఎంతో మర్యాదగా, "బ్యాలెన్స్ యాభై ఆరు వేలు సార్, కార్డా, యూపీఐనా?" అన్నాడు. నేను అంతే మర్యాదగా జేబులో చెయ్యి పెట్టాను.

"బ్రేకప్ బిల్లు ఇవ్వండి," అంది మా ఆవిడ.

నా వెనుక క్యూలో పదకొండు మంది ఉన్నారు. పది రూపాయల కొత్తిమీర కట్టకు బేరమాడే మనిషితో ముప్ఫై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను గానీ, ఏసీ హాల్లో ఇంతటి అప్రతిష్ఠ ఎన్నడూ ఎరగను. కుర్రాడు ఒక పేజీ బిల్లు చూపించాడు. అందులో 'గది', 'వైద్యసేవలు', 'మందులు', 'పరీక్షలు', 'ఇతరాలు' అని అయిదే వరుసలు ఉన్నాయి. ఎంత క్లుప్తం, ఎంత సొగసు! ఆవిడకు నచ్చలేదు. ఒక్కో సిరంజీ తేదీతో సహా ఉండే పూర్తి బిల్లూ, ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన అప్రూవల్ లెటరూ, రెండూ కావాలంది. ఆ లెటర్లో ఏ వరుసలో ఎంత కోశారో, ఎందుకు కోశారో రాసి ఉంటుందట. రెండూ పక్కపక్కన పెడితే తప్ప 56,000 అనే అంకెకు అర్థం లేదట. పద్నాలుగు పేజీలు వచ్చాయి. ఆవిడ వెయిటింగ్ హాల్లో కుర్చీ లాక్కుని, హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసింది. ఎర్ర పెన్ను పట్టుకుని ఆసుపత్రికి వచ్చే మనిషి ఉద్దేశాలు ఏమిటో పాఠకులే ఊహించుకోవాలి.

మొదట గది దగ్గర మొదలైంది. మా పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000 వరకే. మేం తీసుకున్నది 7,500 గది. ఆ గది ఎంచింది మా బావమరిది. "రోజుకు రెండున్నర వేలే కదా తేడా బావగారూ, అమ్మకు కిటికీ ఉంటే బాగుంటుంది," అన్నాడు. మూడు రోజులకు 7,500 పోతే పోయిందనుకున్నాం. రోజుకు 5,000 దాటిన గదికి 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి ఇంకో 1,125. మొత్తం 8,625. ఇక్కడిదాకా ఆవిడ పెన్ను కదలలేదు.

తరవాతి వరుసలో కదిలింది. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, డాక్టర్ల విజిట్లు అన్నీ కలిపి 72,000 అయితే, ఇన్సూరెన్స్ వాళ్లు 48,000 ఇచ్చి 24,000 కోశారు. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మన అర్హత 5,000, తీసుకున్నది 7,500, అంటే మూడింట రెండు వంతులు. కాబట్టి గదితో ముడిపడ్డ ఖర్చులన్నీ కూడా మూడింట రెండు వంతులే ఇస్తారు. అంటే కిటికీ ఖరీదు 7,500 కాదు. 32,625. ఆ కిటికీలోంచి కనిపించింది పక్క అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు.

ఇంతటితో ఊరుకోవచ్చు కదా! ఆవిడ కౌంటర్‌కు వెళ్లి, "ఇదే ఆపరేషన్ షేరింగ్ రూమ్‌లో ఉంటే ఎంత?" అని అడిగింది. ఆసుపత్రి గదిని బట్టి సర్జరీ రేటు మార్చకపోతే ఈ కోత వేయకూడదట. ఐసీయూ ఛార్జీల మీద కూడా వేయకూడదట, మాకు ఆ అవసరం రాలేదు. కుర్రాడు రేట్ల పట్టిక తెరిచి చూపించాడు. ఒకే కత్తి, ఒకే డాక్టరు, ఒకే తిత్తి, కానీ గదిని బట్టి మూడు రేట్లు. కోత న్యాయమేనని ఆవిడ ఒప్పుకుని, ఆ వరుస పక్కన టిక్కు పెట్టి, తమ్ముడికి ఫోన్ చేసింది. ఆ సంభాషణ ఇక్కడ అచ్చు వేయదగినది కాదు.

అసలు గొడవ మందుల దగ్గర వచ్చింది. మందులూ, సిరంజీల్లాంటి సామగ్రీ కలిపి 37,500. స్కానింగు, రక్తపరీక్షలు 16,500. రెండూ కలిపి 54,000. వీటి మీద కూడా మూడో వంతు, 18,000 కోసేశారు. నాకైతే ఇందులో ఒక సమానత్వం కనిపించింది. అందరినీ ఒకే కత్తితో కోస్తే ఎవరికీ బాధ ఉండదు. ఆవిడ మాత్రం ఫోన్లో పాలసీ తీసి, 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్', అంటే గదితో ముడిపడ్డ ఖర్చులు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం దగ్గర వేలు పెట్టింది. గది పెద్దదైతే డాక్టర్ ఫీజు పెరగవచ్చు గానీ పారాసిటమాల్ రేటు పెరగదు కదా. అందుకని మందులు, సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షలను ఈ కోతలో కలపకూడదని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాటికి 2020లోనే చెప్పింది. పాలసీలోనూ అదే రాసి ఉంది. పాలసీ కొన్న నేను దాన్ని ఏనాడూ తెరవలేదు. తెరిస్తే నమ్మకం లేనట్టుంటుందని.

ఇన్సూరెన్స్ డెస్క్ అమ్మాయి, "మళ్లీ పంపిస్తే రేపటిదాకా పడుతుంది మేడమ్, ఇంకో రోజు రూమ్ రెంట్ పడిపోతుంది," అంది. జాలి గుండె. మా ఆవిడ, "పంపించమ్మా. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమై మీరు అదనంగా వేస్తే అది బీమా కంపెనీయే భరించాలని 2024లో రూలొచ్చింది. మీరు పంపిన టైమ్ మాత్రం నాకు చూపించు," అంది. పదకొండూ నలభైకి మెయిల్ వెళ్లింది. ఆ టైమ్ కూడా ఎర్ర పెన్నుతో రాసుకుంది.

ఖాళీగా ఉంటే బాగుండదన్నట్టు, ఈలోపు మందుల జాబితా మొదలుపెట్టింది. మూడు రోజులూ వార్డు బాయ్ కింది ఫార్మసీ నుంచి ట్రే తెచ్చినప్పుడల్లా ఆవిడ పాత క్యాలెండర్ వెనక ఏదో రాసుకుంటుంటే శ్రీరామ అనుకున్నాను. ఇంజెక్షన్ల పేర్లట! ఆదివారం డాక్టర్ ఇంజెక్షన్లు ఆపి మాత్రలు రాశారు. మిగిలిన సీసాలను నర్సు ఫార్మసీకి వెనక్కి పంపింది. వెనక్కి వెళ్తే బిల్లులో ఎక్కడో ఒక మైనస్ వరుస ఉండాలి. పద్నాలుగు పేజీలూ ప్లస్సులే. ఫార్మసీలో వెతికితే రిటర్న్ స్లిప్పు దొరికింది, కంప్యూటర్లోకి ఎక్కలేదు. 2,400.

ఇక్కడ నాకు ఒక ఊరట దొరికింది. మందుల మీద కోత ఎత్తేస్తే ఆ డబ్బు పూర్తిగా ఇన్సూరెన్సే కడుతుంది. అంటే గంట సేపు కష్టపడి ఆవిడ వెతికిన 2,400 మిగిలింది బీమా కంపెనీకి. ఈ మాట నేను కొంచెం ఆనందంగానే చెప్పాను. "మన 5 లక్షల్లో అంత తక్కువ ఖర్చయింది కదండీ, ఈ ఏడాదిలో మళ్లీ అవసరం రాదని రాసిచ్చారా?" అంది. కాసేపు మంచినీళ్లు తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి 'ఇతరాలు' విప్పి కూర్చుంది. 5,375. ఇన్సూరెన్స్ వాళ్లు ఇందులో ఒక్క రూపాయీ ఇవ్వలేదు. అడ్మిషన్ కిట్ 950, ఫైలు ఖర్చు 500, గౌను, టోపీ, షూ కవర్లు 825, డిశ్చార్జి ప్రాసెసింగ్ 450. మమ్మల్ని బయటికి పంపడానికి కూడా ఛార్జీ ఉందంటే ఆ సంస్థ క్రమశిక్షణకు నేను ముగ్ధుణ్ణయ్యాను. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు 900, డైటీషియన్ సలహా 600. ఆ డైటీషియన్ తలుపు దగ్గర నిలబడి "నూనె తగ్గించండి" అని వెళ్లింది. మాటకు 300.

ఆవిడ వాదన ఇది. ఐఆర్‌డీఏఐ జాబితాల్లో కిట్టు, ఫైలు, గౌను, డిశ్చార్జి ఖర్చు గది అద్దెలోనే కలిసిపోవాలని ఉంది. స్ట్రిప్పులు, డైటీషియన్ చికిత్స ఖర్చులో కలిసిపోవాలని ఉంది. కలిసిపోయాయి కాబట్టే బీమా కంపెనీ వాటికి విడిగా ఇవ్వదు. "కలిసిపోయినవి మా బిల్లులోకి విడిగా ఎలా వచ్చాయి?" అని అడిగింది. బిల్లింగ్ మేనేజర్ గారు ఐఆర్‌డీఏఐ మాట బీమా కంపెనీలకు గానీ ఆసుపత్రులకు కాదన్నారు. న్యాయమైన మాటే. నేను తలూపాను. ఆవిడ ఊపలేదు. "అదే ముక్క ఆ ఆరు వరుసల పక్కన రాసి సంతకం పెట్టి ఇవ్వండి, క్లెయిమ్ కాగితాలతో పాటు పంపిస్తాను," అంది. మేనేజర్ గారు లోపలికి వెళ్లి పావుగంటకు వచ్చారు. ఆరు వరుసలూ అలాగే ఉన్నాయి. వాటి కింద 'మేనేజ్‌మెంట్ డిస్కౌంట్ 4,225' అని వచ్చింది. తప్పు దిద్దలేదు, దయ చూపారు.

రెండుంబావుకు కొత్త అప్రూవల్ వచ్చింది. 1,14,600. బిల్లు 1,48,375 అయింది. కట్టాల్సింది 33,775. అందులో 32,625 కిటికీ. మిగిలింది ఒక్క వరుసే, 1,150. 'అటెండెంట్ భోజనం'. రోగి తిండి వేరు, పక్కన ఉన్నవాళ్ల తిండి వేరు, రెండోది మామూలుగా ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు, ఏ మేనేజ్‌మెంటూ దయ చూపదు. పోనీలే అని లేవబోయాను.

"కూర్చోండి," అంది. పదమూడో పేజీలో క్యాంటీన్ వివరాలు టైముతో సహా ఉన్నాయి. మసాలా దోసెలు అయిదు, ఒక్కోటి 120. కాఫీలు పది, ఒక్కోటి 55.

"ఏమండీ, శనివారం మీకు ఉపవాసం కదా?" అంది ఎర్ర పెన్ను మూత తీస్తూ. "సాయంత్రం నాలుగూ పదికి ఈ రెండు దోసెలు ఎవరివి?"