ఎండు నెత్తళ్ల వ్యాపారం ప్యాకెట్‌తోనే మొదలవ్వాలి

విశాఖలో మత్స్యకార మహిళలకు ఉపాధి అనగానే అధికారులకైనా స్వచ్ఛంద సంస్థలకైనా ముందు గుర్తొచ్చేది పచ్చళ్ల శిక్షణ. రెండు రోజులు రొయ్యల పచ్చడి నేర్పిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, ఫొటో తీసుకుంటారు. పెద జాలారిపేట నుంచి భీమిలి దాకా ఆడవాళ్ల చేతిలో తరతరాలుగా ఉన్న పని మాత్రం చేపలు ఎండబెట్టడం. డబ్బు పెట్టాల్సింది అక్కడే. అందులోనూ నెత్తళ్లతో మొదలుపెట్టాలి. చిన్న చేప, కొయ్యక్కర్లేదు, మంచి ఎండ కాస్తే త్వరగా ఎండుతుంది.

ఇప్పుడు ఇసుకలో ఎండే నెత్తళ్లకు ధర ఎందుకు రాదో చూద్దాం. పచ్చి చేపలో సుమారు 78 శాతం నీరే. అంటే 100 కిలోల నెత్తళ్లలో గట్టి పదార్థం 22 కిలోలు. తేమ 18 శాతానికి దిగేదాకా ఎండబెడితే చేతికొచ్చేది దాదాపు 27 కిలోలు. 35 శాతం దగ్గరే ఎత్తేస్తే 34 కిలోలు తూగుతుంది. గోనె సంచిలో తూకానికి అమ్మేటప్పుడు ఆ ఏడు కిలోల నీళ్లకూ డబ్బులొస్తాయి. రేపే అమ్ముకునే వ్యాపారికి కొంచెం తడి ఉన్నా పర్వాలేదు. ఇసుక, తడి ఎంత ఉంటాయో అతనికి తెలుసు కాబట్టి ఆ మేరకు ముందే రేటు తగ్గించేస్తాడు. అలాంటప్పుడు బాగా ఎండబెట్టిన మనిషికి మిగిలేది నష్టమే. లోపం ఆ మహిళల నైపుణ్యంలో లేదు, అమ్మకం జరిగే తీరులో ఉంది.

ప్యాకెట్ వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. సీలు వేసిన కవరులో తడి చేప నిలవదు. లోపలి గోడకు ఆవిరి పడుతుంది, కొన్నాళ్లకు బూజు కనిపిస్తుంది, కొన్నవాళ్లు తిరిగి రారు. కాబట్టి ప్యాకెట్ అమ్మేవాళ్లు పూర్తిగా ఎండబెట్టక తప్పదు. 34 కిలోలు 27కి తగ్గినందుకు కిలో ధర పాతిక శాతానికి కాస్త పైన పెరిగితే చాలు, చేపల వరకు నష్టం తీరిపోతుంది. కవరుకీ కూలికీ అయ్యేది దానిపై రావాలి. ఇసుక లేని 200 గ్రాముల ప్యాకెట్‌కు అపార్ట్‌మెంట్లలో ఆ మాత్రం ధర ఇచ్చేవాళ్లు ఉంటారని నా నమ్మకం.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నేలకు నడుము ఎత్తున కర్రలతో మంచె కట్టి, దానిమీద వల పరిచి చేపలు పలచగా ఆరబోస్తే కింద నుంచీ గాలి తగులుతుంది, ఇసుక అంటదు. ఎండిందో లేదో చెప్పడానికి తూనిక చాలు. ఒక తట్టలో 4 కిలోల పచ్చి నెత్తళ్లు విడిగా ఆరబెట్టి, అవి కిలోకు కాస్త పైకి వచ్చాకే మిగతావి ఎత్తాలి. ఇంకో జాగ్రత్త చాలామంది పట్టించుకోరు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుంటుంది, ఉప్పు పట్టిన చేప కూడా అంతే. మధ్యాహ్నం ఎండిన చేపను రాత్రంతా బయట ఉంచి తెల్లారి ప్యాక్ చేస్తే పడిన కష్టమంతా వృథా. అదే మధ్యాహ్నం, వేడి చల్లారగానే సీలు పడిపోవాలి.

పచ్చడికైతే ఎక్కువ ధర వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ నూనె, మసాలా, సీసా, ఖరీదైన చేప అన్నీ ముందే కొనాలి. పైగా కానాగంతలు, సూర లాంటి చేపలు ఐస్ లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. వేయించినా, వెనిగర్ పోసినా అది పోదు. తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పడవలో ఐస్ గట్టిగా దొరికే రోజు వచ్చాక పచ్చడి గురించి మాట్లాడుకుందాం.

అసలు కొరత సీలింగ్ మెషిన్‌ది కాదు, స్థలానిది. చేపల నిల్వ, ప్రాసెసింగ్ మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్ట్ పరిశోధన కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది, సాంకేతిక సలహా దొరుకుతుంది. మంచె వేసుకోవడానికి తీరం ఎక్కడుంది? పార్కులు, రిసార్టులు, రోడ్డు విస్తరణ, సుందరీకరణ ఇలా ఒక్కోటీ కొంచెం కొంచెం ఇసుకను తీసుకుంటూ పోతున్నాయి. చేపలు ఆరబోస్తే వాసనని పర్యాటకుల పేరు చెప్పి అభ్యంతరం పెడతారు. మన తీర నియంత్రణ నిబంధనలు అనుమతించే పనుల్లో మాత్రం మత్స్యకారులు చేపలు ఎండబెట్టుకునే స్థలాలు స్పష్టంగా ఉన్నాయి. తీరప్రాంత ప్రణాళిక పటంలో ప్రతి పేటకూ ఆ స్థలాన్ని సర్వే నంబరుతో సహా గుర్తించి, వేరే పనికి ఇవ్వడం కుదరదని రాసిపెట్టాలి. శిక్షణ తరగతులకు బడ్జెట్ అడిగే ముందు జిల్లా యంత్రాంగం ఆ పటాన్ని పేటల్లోని మహిళా సంఘాల ముందు పరచాలి.