పాదరసాన్ని నీళ్లలో వెతికితే దొరకదు

చెరువులోకో సముద్రంలోకో ఫ్యాక్టరీ వ్యర్థాలు వదులుతోందని ఫిర్యాదు వస్తే అధికారులు ముందుగా సీసాల్లో నీళ్లు పట్టుకెళతారు. కొన్నాళ్లకు ‘పరిమితుల్లోనే ఉంది’ అని నివేదిక వస్తుంది. చాలా విషాలకు ఈ పద్ధతి సరిపోతుంది. పాదరసం దగ్గర మాత్రం ఆ నివేదికలోని ప్రతి అంకె నిజమే అయినా, ఆ నీటిలో పట్టిన చేపలు తినేవాళ్లకు ముప్పు తప్పకపోవచ్చు. ఎందుకో జపాన్‌లోని మినమాట చరిత్ర చూస్తే తెలుస్తుంది.

క్యూషూ దీవిలోని ఆ చిన్న పట్టణంలో చిస్సో అనే రసాయన కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. అందుకు పాదరస లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడేవారు. ఆ రియాక్టర్‌లోనే పాదరసంలో కొంత భాగం మిథైల్ మెర్క్యురీగా మారి, వ్యర్థ జలంతో పాటు అఖాతంలోకి వెళ్లేది. 1950ల్లో తీర గ్రామాల పిల్లులు ముందు పిచ్చెక్కినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోవడం మొదలైంది. 1956 ఏప్రిల్‌లో నడక, మాట తడబడుతున్న ఐదేళ్ల పాపను కంపెనీ ఆసుపత్రికి తీసుకొచ్చారు. మే 1న ఆసుపత్రి డైరెక్టర్ హొసొకవా హజిమె స్థానిక ఆరోగ్య కార్యాలయానికి కబురు పంపారు. జబ్బు పడినవాళ్లలో ఎక్కువమంది జాలర్లు, వాళ్ల ఇంటివాళ్లు. సముద్రపు నీళ్లు ఎవరూ తాగలేదు. అందరూ తిన్నది చేపలే.

థర్మామీటర్ పగిలినప్పుడు జారే వెండి రంగు పాదరసాన్ని పొరపాటున మింగినా పేగు దాన్ని దాదాపు పీల్చుకోదు (దాని ఆవిరి పీల్చడం వేరే ప్రమాదం). మిథైల్ మెర్క్యురీ అలా కాదు. ఆహారంలో వచ్చినది 95 శాతం దాకా రక్తంలోకి చేరుతుంది. ఫ్యాక్టరీ మిథైల్ మెర్క్యురీని నేరుగా వదలకపోయినా ఇది తయారవుతుంది. ఆక్సిజన్ అందని అడుగు బురదలో బతికే బ్యాక్టీరియా మామూలు పాదరసాన్ని మిథైల్ రూపంలోకి మారుస్తుంది. దాన్ని నీటిలోని సూక్ష్మ శైవలాలు లాక్కుంటాయి. ఆహార గొలుసు మొత్తంలో అతి పెద్ద పెరుగుదల ఈ మొదటి మెట్టులోనే ఉంటుంది. నీటిలో ఉన్నదానికి పదివేల రెట్లు, ఒక్కోసారి లక్ష రెట్లు శైవలంలో పోగుపడుతుంది. శైవలాన్ని తినే సూక్ష్మజీవి, దాన్ని తినే చిన్న చేప, ఆ చేపను వేటాడే పెద్ద చేప, ఇలా ఒక్కో మెట్టుకూ గాఢత మళ్లీ కొన్ని రెట్లు పెరుగుతుంది. తిన్న ఆహారం అరిగి శక్తిగా ఖర్చయిపోతుంది, మిథైల్ మెర్క్యురీ మాత్రం ఒంట్లోనే నిలిచిపోతుంది. చేప శరీరం దాన్ని వదిలించుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది కాబట్టి, ఒకే జాతిలో కూడా వయసు మీరిన పెద్ద చేపలో ఎక్కువ ఉంటుంది.

ఇది కొవ్వులో పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది కండలోని ప్రొటీన్లను పట్టుకుని ఉంటుంది. తోలు తీసినా, కొవ్వు కోసి పారేసినా, పులుసు ఎంతసేపు మరిగించినా పోదు.

ఇప్పుడు నీటి నివేదిక సంగతి చూద్దాం. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మైక్రోగ్రాము, అంటే 1000 నానోగ్రాముల పాదరసం వరకు ఉండొచ్చు. ఉత్తర అమెరికా, స్వీడన్ సరస్సుల్లో నీటిలో కేవలం ఒకటి రెండు నానోగ్రాములే ఉన్నచోట కూడా వేటాడే పెద్ద చేపల్లో కిలోకు అర మిల్లీగ్రాము దాటింది. తాగునీటి పరిమితికి కొన్ని వందల రెట్లు తక్కువ ఉన్న నీరు తినకూడని చేపను తయారుచేసిందన్నమాట. తాగే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రమాణం తినే మనిషిని కాపాడలేదు.

మినమాటలో కంపెనీ కూడా నీటినే చూపించింది. 1958లో మురుగు కాలువను అఖాతం నుంచి నది ముఖద్వారానికి మళ్లిస్తే, కొత్త చోట కొత్త రోగులు పుట్టుకొచ్చారు. 1959 అక్టోబరులో, ఎసిటాల్డిహైడ్ విభాగం వ్యర్థాన్ని కలిపిన తిండి పెట్టగా హొసొకవా ప్రయోగంలోని 400వ నంబరు పిల్లికి అదే జబ్బు వచ్చింది. ఆ ఫలితాన్ని కంపెనీ బయటపెట్టలేదు. ఆ డిసెంబరులో ఆర్భాటంగా ప్రారంభించిన శుద్ధి యంత్రం మిథైల్ మెర్క్యురీని తొలగించేది కాదు. విషం వదలడం 1968 దాకా ఆగలేదు.

అన్నిటికన్నా కలచివేసేది పుట్టబోయే పిల్లల కథ. తల్లిలో లక్షణాలు స్వల్పంగానో అసలు లేకుండానో ఉన్నా, బిడ్డ మెదడు దెబ్బతిని పుట్టేది. మిథైల్ మెర్క్యురీ మాయను సులువుగా దాటుతుంది, బిడ్డ రక్తంలో తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా చేరుతుంది. బొడ్డుపేగును ఎండబెట్టి దాచుకోవడం జపాన్ కుటుంబాల ఆచారం. మన దగ్గరా తాయెత్తులో పెట్టి కట్టే ఇళ్లున్నాయి. అలా దాచిన ముక్కల్నే దశాబ్దాల తర్వాత పరీక్షించి, ఏ ఏడాది పుట్టిన పిల్లలకు ఎంత విషం అందిందో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

మన కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని సొర చేప పెడతారు. పాల సొరకు ఆ పేరు ఊరికే రాలేదు. సొర జాతి వేట చేప, గొలుసులో పై మెట్టు. అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన పరిమితి వారానికి శరీర బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ. 60 కిలోల స్త్రీకి అది 96 మైక్రోగ్రాములు. పెద్ద సొరలో కిలోకు 1 మిల్లీగ్రాము ఉందనుకుంటే, వంద గ్రాములు కూడా తినకముందే వారం కోటా అయిపోతుంది. కిలోకు 0.05 మిల్లీగ్రాములున్న కవ్వలైతే దాదాపు రెండు కిలోలు తినొచ్చు. చిన్న పాల సొరలో పెద్ద సొరంత ఉండదు. పైగా తల్లిపాలలోకి వెళ్లేది మాయ గుండా వెళ్లేదానికన్నా బాగా తక్కువ. అందుకే బాలింతను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. జాగ్రత్త గర్భిణికి, త్వరలో గర్భం దాల్చాలనుకునే స్త్రీకి కావాలి. ఒంట్లో చేరినది సగం తగ్గడానికే రెండు నెలల దాకా పడుతుంది. చేపలు మానమనడం తప్పు సలహా. బిడ్డ మెదడుకు చేపల నూనె మేలు చేస్తుంది కదా! పెద్ద సొర, పెద్ద ట్యూనా బదులు నెత్తళ్లు, కవ్వలు తినమని చెబితే చాలు.

పాదరసం, సీసం, కాడ్మియం అన్నిటినీ ‘భారలోహాలు’ అని ఒకే గాటన కట్టడం వల్ల కూడా పరీక్షలు దారితప్పుతున్నాయి. సీసం, కాడ్మియం జీవుల్లో పోగుపడతాయి కానీ సాధారణంగా మెట్టుమెట్టుకూ పెరుగుతూ పోవు. వాటికోసం ఆల్చిప్పల్ని, పీత లోపలి పసుపు భాగాన్ని చూడాలి. సొర కండలో సీసం తక్కువగా ఉందంటే ఆ తీరం శుభ్రంగా ఉందని అర్థం కాదు. ఆల్చిప్పలో పాదరసం తక్కువ ఉంటే సొర తినొచ్చనీ కాదు.

కాలుష్య నియంత్రణ మండళ్లు నీటి సీసాలతో ఆగకుండా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో వేట చేపల కండను క్రమం తప్పకుండా పరీక్షించాలి. జాతితో పాటు పొడవు కూడా రాయాలి. పొడవు లేకపోతే ఈ ఏడాది అంకెను నిరుటి అంకెతో పోల్చలేం. జాలరి పేటల్లో గర్భిణుల వెంట్రుకలు కూడా సేకరించాలి. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మొదలు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు కోసి చూస్తే, తొమ్మిది నెలల్లో ఏ నెల ఎంత పాదరసం ఒంట్లో చేరిందో తెలుస్తుంది.